తాళం తీసుకునే ముందు ప్లేటు చూడండి

గోవాలో దిగిన మన కుర్రాళ్లు రూము చూసుకున్నాక వెంటనే వెతికేది అద్దె స్కూటర్‌నే. రోజుకెంతో బేరమాడతారు, ట్యాంకులో పెట్రోలు చూస్తారు, తాళం తీసుకుని బయల్దేరతారు. నంబరు ప్లేటు రంగును పట్టించుకునేవాళ్లు తక్కువ. మొదట చూడాల్సింది మాత్రం అదే.

నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే ఆ బండి అద్దెకు తిప్పడానికే రిజిస్టరైందన్నమాట. ఇందుకోసం 1997లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకపు బండి. దాని బీమా పాలసీలో, కిరాయికి తిప్పితే వర్తించదని స్పష్టంగా రాసి ఉంటుంది.

తెల్ల ప్లేటు బండి తీసుకున్న విద్యార్థి అంజునా దారిలో ఒక పాదచారిని గుద్దాడనుకుందాం. ఆయన కాలు విరిగింది, కుర్రాడి చెయ్యి విరిగింది. బండి రిపేరుకు బీమా కంపెనీ పైసా ఇవ్వదు. ఆ బిల్లు అద్దెకిచ్చినవాడు కుర్రాడి చేతిలోనే పెడతాడు. పాదచారికి ట్రిబ్యునల్ పరిహారం చెల్లించమంటుంది. కంపెనీ ముందు కట్టినా, ఆ డబ్బు తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

మరి కుర్రాడి చెయ్యి? ఇక్కడ నల్ల ప్లేటు ఉన్నా పెద్ద తేడా లేదు. థర్డ్ పార్టీ బీమా బండి వల్ల దెబ్బతిన్న బయటివాళ్లకే. పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా బండి యజమాని నడిపితేనే. అడిగి తీసుకెళ్లిన బండి మీద చనిపోయిన ఒకాయన కుటుంబం పరిహారం కోరితే, బండి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టేనని సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో చెప్పింది. కాబట్టి నడిపేవాళ్లకు తమ పేరున సొంత ప్రమాద బీమా ఉండాల్సిందే. ఇంట్లో పెద్దవాళ్లు ప్రయాణానికి ముందే ఈ సంగతి కనుక్కుంటే మంచిది.

కాలేజీల దగ్గర అద్దెకిచ్చే చిన్న ఎలక్ట్రిక్ బండ్లది ఇంకో చిక్కు. గంటకు 25 కిలోమీటర్లు, 250 వాట్లు దాటని వాటికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా ఏవీ తప్పనిసరి కాదు. అంటే ఎవరినైనా గుద్దితే పరిహారం కట్టే కంపెనీయే ఉండకపోవచ్చు.

ఇక బండి స్థితి. అద్దె స్కూటర్ రోజుకో చేతిలో నలుగుతుంది, అందరికంటే ముందు అరిగేది బ్రేకు. వెనక చక్రం డ్రమ్ము దగ్గర, బ్రేకు తీగ లాగే చిన్న చెయ్యి మీద చాలా బండ్లకు బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుని, స్నేహితుణ్ణి చూడమనండి. ఆ బాణం డ్రమ్ము మూత మీది గీతను చేరిందంటే బ్రేకు షూలు అరిగిపోయినట్టే. అప్పుడు వేరే బండి అడగండి. తర్వాత ఉన్న గీతలన్నిటినీ అద్దెకిచ్చినవాడి ఎదుటే వీడియో తీసి, అప్పుడు తాళం తిప్పండి.