విక్స్ శిఖరం, నిఫ్టీ అడుగు

2024 జూన్ 4న రాజమండ్రి, పిఠాపురం ఎన్నికల ఫలితాల కోసం గోదావరి జిల్లాలు టీవీలకు అతుక్కుపోయి ఉండగా నిఫ్టీ కుప్పకూలింది. బీజేపీ 240 సీట్ల దగ్గర ఆగిపోయింది. ఆ రోజు సూచీ 5.93 శాతం నష్టపోయింది. ‘భయసూచీ’ అని పిలిచే ఇండియా విక్స్ ఒక దశలో 31 దాటి, చివరికి 26.75 దగ్గర నిలిచింది.

ఇందులో వింతేమీ లేదు. వింతంతా అంతకుముందు నెల చార్టులో ఉంది. ఏప్రిల్ చివర్లో 10 దగ్గరున్న విక్స్ మే నెలాఖరుకు 24 దాటింది. నిఫ్టీ మాత్రం కుప్పకూలలేదు సరికదా, జూన్ 3న కొత్త రికార్డు కొట్టింది. మార్కెట్ పండగ చేసుకుంటుంటే భయం ఎందుకు పెరిగినట్టు?

విక్స్ కొలిచేది పతనాన్ని కాదు. నిఫ్టీ ఆప్షన్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు చెబుతున్న ధరల నుంచి, రాబోయే 30 రోజుల్లో సూచీ ఎంత ఊగుతుందని వాళ్లు అనుకుంటున్నారో లెక్కగడతారు. ఎటు ఊగుతుందన్నది అందులో ఉండదు. ఫలితాలు ఎలా వచ్చినా దెబ్బ తగలకూడదని కొందరు పుట్‌లు, లాభం జారిపోకూడదని కొందరు కాల్స్ కొన్నారు. ప్రీమియంలు పెరిగాయి, విక్స్ పెరిగింది.

ఈ అంకె ఏడాది లెక్కలో ఉంటుంది. రోజు లెక్కకు 16తో భాగిస్తే చాలు. జూన్ 3న విక్స్ 21 దగ్గర ముగిసింది. అంటే రోజుకు అటో ఇటో 1.3 శాతం. మర్నాడు పడింది దాదాపు 6! ఒక్క రోజులో తేలిపోయే సంగతిని 30 రోజులకు పరిచి చూపడం ఈ సూచీకున్న లోపం. ఆ సంగతి తేలగానే, జూన్ 5న, విక్స్ 19 కిందికి దిగింది.

మరి శిఖరం కనబడితే అడుగు తగిలినట్టేనా? 2020 మార్చిలో అలాగే జరిగింది. నిఫ్టీ 23న 7,610 దగ్గర ముగిసింది, మర్నాడే విక్స్ 83 దాటి ముగిసింది. చార్టును ఇప్పుడు చూస్తే అంతా తేటగా ఉంటుంది. అప్పట్లో మాత్రం మార్చి 12నే విక్స్ 40 దాటింది. ఇంతకన్నా భయం ఏముంటుందని ఆ రోజు 9,590 దగ్గర కొన్నవాళ్లు ఇంకో 20 శాతం పతనం చూశారు. శిఖరమని తెలిసేది దిగాకే.

ఒక్కోసారి రెండూ కలవనే కలవవు. అమెరికా విక్స్ 2008 నవంబరు 20న 80 దాటి ముగిసింది. అక్కడి ఎస్ అండ్ పీ 500 అడుగు తాకింది 2009 మార్చి 9న. ఆ రోజు విక్స్ 50 కూడా లేదు.