ముఖానికి నూనె... అంకె చూసి నమ్మొద్దు!

మొటిమలున్న పిల్లలు ఇప్పుడు నూనె కొనేముందు ‘కామెడోజెనిక్ రేటింగ్’ చూస్తున్నారు. 0 అయితే చర్మరంధ్రాలు పూడుకోవని, 5 అయితే తప్పక పూడుకుంటాయని వాళ్ల లెక్క. కొబ్బరినూనెకు సాధారణంగా 4 ఇస్తారు. ఈ అంకెలు చాలావరకు కుందేలు చెవి లోపలివైపు పదార్థాన్ని రోజుల తరబడి రాసి చేసిన పరీక్షల నుంచి వచ్చినవే. ఆ చర్మం మన ముఖం కన్నా చాలా తేలిగ్గా పూడుకుంటుంది. పైగా క్రీములో ఆ నూనె కొద్దిగానే ఉంటే ఫలితం వేరు.

మా ఓపీకి వచ్చిన ఇంటర్ అమ్మాయి ముఖానికి ‘సున్నా’ నూనే రాస్తోంది. అయినా నుదుటినిండా చిన్నచిన్న గింజలు. బుగ్గలు మాత్రం శుభ్రం. ఆరా తీస్తే, రోజూ రాత్రి తలకు కొబ్బరినూనె పట్టించి పడుకుంటోంది. అది నుదుటికి, దిండు గలేబుకు అంటుకుంటోంది! నూనెను తలస్నానానికి గంట ముందుకు మార్చి, గలేబు ఉతికించి, రాత్రిపూట అడాపలిన్ జెల్ రాయించాం. రెండు నెలలకు గింజలు బాగా తగ్గాయి.

జిడ్డు చర్మానికి అసలు నూనె అక్కర్లేదు. మొటిమల మందుతో చర్మం పొడిబారితే ముందు తేలికపాటి మాయిశ్చరైజర్ చాలు. నూనే కావాలంటే పల్చనిది రెండు చుక్కలు, ఒకవైపు దవడ మీదే ఆరు వారాలు రాసి చూడండి. గింజలు రావడానికి వారాలు పడుతుంది కాబట్టి రెండు రోజుల పరీక్షతో తేలదు. ఒకే సైజు గింజలు దురద పెడుతుంటే ఫంగస్ కావచ్చు. నూనె ఆపేసి చర్మవైద్యులకు చూపించండి.