పిక్క మీద రాయి పడ్డట్టు

ఉదయం ఆరు గంటలకు షటిల్ కోర్టు. 43 ఏళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఆడుతున్నాడనుకుందాం. స్కోరు 18-16. ఎదుటివాళ్లు షటిల్‌ను నెట్ దగ్గర జారవిడిచారు. అందుకుందామని ముందుకు ఉరికాడు. ఠప్పుమని చప్పుడైంది. పిక్క మీద ఎవరో రాయి విసిరినట్టనిపించి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆ తర్వాత కాలు మోపలేకపోయాడు.

విరిగింది ఎముక కాదు, చిరిగింది పిక్క కండరం. పిక్కలో పైకి కనిపించే గాస్ట్రాక్నీమియస్ కండరం మోకాలికి పైనుంచి మొదలై మడమ దాకా పోతుంది. అంటే మోకాలు, చీలమండ రెండూ దాని అదుపులోనివే. ఉరికే క్షణంలో వెనక కాలి మోకాలు నిటారుగా సాగుతుంది, పాదం పైకి వంగి మడమ కిందికి దిగుతుంది. కండరం రెండు కొసలా లాగబడుతున్న ఆ వేళకే శరీరాన్ని ముందుకు నెట్టడానికి అది బిగుసుకోవాలి కూడా. సాగడం, బిగియడం ఒకేసారి వచ్చేసరికి, పిక్క లోపలివైపు భాగం స్నాయువుతో కలిసే చోట పోగులు తెగుతాయి. నడివయసు ఆటగాళ్లలో ఇది ఎక్కువ. 1883లోనే దీనికి ‘లాన్ టెన్నిస్ లెగ్’ అని పేరు పెట్టారు. పరుగు పందెంలోనూ, షటిల్‌లోనూ జరిగేది అదే.

ముందుగా మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగలేదని తేల్చుకోవాలి. బోర్లా పడుకోబెట్టి, పాదం మంచం అంచు దాటి వేలాడుతుండగా పిక్కను నొక్కితే పాదం కదలాలి. కదలకపోతే తెగింది స్నాయువే కావచ్చు. దాని వైద్యం వేరు.

రెండో అనుమానం రక్తం గడ్డ. కాలి లోపలి సిరలో గడ్డ కట్టినా పిక్క నొస్తుంది, వాస్తుంది. తేడా మొదలైన తీరులో ఉంది. కండరం చిరిగినవాళ్లు ఏ పాయింటు దగ్గర జరిగిందో చెప్పగలరు. గడ్డ ఉన్నవాళ్లు సాధారణంగా “రెండు మూడు రోజులుగా బరువుగా ఉంది” అంటారు. దెబ్బ జ్ఞాపకం ఉండదు. ఈమధ్య ఆపరేషనో, సుదీర్ఘ ప్రయాణమో, మంచాన పడటమో, క్యాన్సరో, గర్భమో, హార్మోను మాత్రలో ఉంటే అనుమానం బలపడుతుంది. చిరుగులో నొప్పి వేలు పెట్టి చూపించగలిగే చోట ఉంటుంది. కొద్ది రోజులకు కమిలిన నలుపు చీలమండ వైపు దిగుతుంది, కారిన రక్తం కిందికి జారుతుంది కనుక.

పాదాన్ని పైకి వంచితే నొప్పి రావడం గడ్డకు గుర్తని చెప్పేవారు. చిరుగులోనూ అదే నొప్పి వస్తుంది కాబట్టి ఆ గుర్తు పనికిరాదు. గడ్డ కోసం చేసే డి-డైమర్ రక్తపరీక్ష కూడా దెబ్బ తగిలినప్పుడు పెరగవచ్చు. అనుమానం తీర్చేది డాప్లర్ స్కానింగే. పొరబడితే రెండు వైపులా ముప్పే. చిరుగును గడ్డ అనుకుని రక్తం పలచబడే మందులిస్తే కండరంలో రక్తస్రావం పెరుగుతుంది. గడ్డను పట్టేసిన పిక్క అనుకుని తైలంతో తోమిస్తే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

మన బ్యాంకు ఉద్యోగికి స్కానింగులో పాక్షిక చిరుగు తేలింది. మొదటి మూడు నాలుగు రోజులు బట్ట చుట్టిన ఐసు, సాగే కట్టు, కాలు ఎత్తులో పెట్టుకోవడం, రెండు చెప్పుల్లోనూ మడమ కింద చిన్న మెత్త. కాపడం, మర్దన వద్దు. తర్వాత నొప్పి లేనంతవరకు పాదం ఆడించడం, నడక. తొమ్మిదో రోజున తగ్గుతున్న వాపు కాస్తా మళ్లీ పెరిగింది. వెంటనే మరోసారి డాప్లర్ చేయించారు. ఎందుకంటే కదలక పడున్న చిరిగిన కాలిలో కొత్తగా గడ్డ కట్టవచ్చు. ఒకటి ఉందని రెండోది లేదనడానికి వీల్లేదు. ఈయనకు గడ్డ లేదు, ఎక్కువ నడవడం వల్ల వచ్చిన వాపే. వాపుతోపాటు ఆయాసమో ఛాతీనొప్పో ఉంటే మాత్రం నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

రెండో వారం చివర్లో రెండు కాళ్ల మీదా మడమలెత్తడం మొదలుపెట్టాడు, తర్వాత ఒంటికాలిపై. మోకాలు నిటారుగా కొన్నిసార్లు, వంచి కొన్నిసార్లు. వంచినప్పుడు లోపలున్న సోలియస్ కండరం ఎక్కువ బరువు మోస్తుంది. స్వల్ప చిరుగు ఒకటి నుంచి మూడు వారాల్లో, ఇలాంటి పాక్షిక చిరుగు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో సర్దుకుంటుంది. పూర్తిగా తెగితే నెలలే.

మూడో వారానికే నడకలో నొప్పి పోయింది, రాకెట్ అందుకోబోయాడు. ఫిజియోథెరపిస్టు ఒంటికాలిపై మడమ ఎత్తి లెక్కపెట్టమంది. మంచి కాలు 25 దాకా వెళ్లింది. దెబ్బతిన్న కాలు 11 దగ్గర వణికింది. తిరిగి చిరిగేది నొప్పి పోయి బలం రాని ఈ ఖాళీలోనే. రెండు కాళ్ల లెక్కా సమానమై, గెంతినా నొప్పి లేదని తేలేసరికి ఏడో వారం వచ్చింది. అప్పుడు ముందు నెమ్మదిగా పరుగు, ఆ తర్వాతే నెట్ వైపు ఉరుకు.