స్లాబు మీద నీళ్లు ఒక మూలకే చేరితే

మే నెల. హైదరాబాద్ శివారులో మేం కట్టుకుంటున్న ఇంటికి పైకప్పు స్లాబు పడింది. పొద్దున 8 గంటలకు మొదలైన మిల్లరు సాయంత్రం 4 దాటాక ఆగింది. మర్నాడు మేస్త్రి వచ్చి ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ వేసి కలిపిన మాలుతో స్లాబు మీద గట్లు పోశాడు. నాలుగు పెద్ద మళ్లు కట్టించి, నిండా నీళ్లు పెట్టించి వెళ్లిపోయాడు. సాయంత్రం నేను వీధిలో నిలబడి తలెత్తి చూస్తే, వాననీటి గొట్టం ఉన్న మూలలో నీళ్లు తళతళలాడుతున్నాయి. క్యూరింగ్ బాగా జరుగుతోందనుకుని ఇంటికి వచ్చేశాను.

రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. వాచ్‌మన్. పాలమూరు నుంచి వచ్చినవాడు. వయసు అరవైకి దగ్గర. కాపలా పనికి రాకముందు ఏళ్ల తరబడి సెంట్రింగ్ పనిలో ఉన్నాడు.

"సారూ, నీళ్లన్నీ ఒక్క మూలకే వచ్చినయి. జెర రాండ్రి."

అద్దె ఇల్లు పక్క వీధిలోనే కాబట్టి పది నిమిషాల్లో వెళ్లాను. ఆయన స్లాబు పైన లేడు, కింద ఉన్నాడు. టార్చి వేసి ఒక్కో జాకీ మొదట్లో చెయ్యి పెట్టి చూస్తున్నాడు. నీళ్లు పైన ఉంటే కింద ఏం చూస్తున్నావు పెద్దయ్యా అని అడిగాను.

"నడుమ నీళ్లు నిలవడితే కింద జాకీ దిగినట్టు సారూ. మూలకు నిలవడితే వాలుకు పోయినట్టు. ఏదో తెల్వకుండ పైన చెయ్యి పెట్టొద్దు."

ఇల్లు కట్టించే ప్రతి ఒక్కరికీ ఈ మాట తెలియాలి. మా స్లాబు మందం 5 అంగుళాలు. చదరపు మీటరుకు కాంక్రీటు బరువే 310 కిలోల పైచిలుకు. దాని మీద 2 అంగుళాల లోతు నీళ్లు పెడితే మరో 50 కిలోలు. కాంక్రీటుకు ఇంకా బలం రాలేదు కనుక ఆ బరువంతా కింది షీట్లు, జాకీలే మోయాలి. గట్టు దాటి కారిన నీళ్లు కింది మట్టిని నానబెడితే జాకీ అడుగున పెట్టిన చెక్క కూరుకుపోతుంది. అప్పుడు స్లాబు ఆ చోట కుంగి, పైన గిన్నెలాగా నీళ్లు నిలుస్తాయి. అలా జరిగితే ముందు నీళ్లు తీసేయాలి, ఇంజినీరును పిలవాలి. కుంగిన జాకీని మనంతట మనం పైకి తిప్పితే పచ్చి కాంక్రీటు పగులుతుంది. మా అదృష్టం కొద్దీ చెక్కలు పొడిగానే ఉన్నాయి. ఏ జాకీ కదల్లేదు.

అప్పుడు నిచ్చెన ఎక్కాం. ఆయన టార్చిని నిటారుగా కొట్టకుండా వంగి, నేలకు దగ్గరగా పట్టుకుని అడ్డంగా వెలుగు వేశాడు. గొట్టం మూల అద్దంలా మెరిసింది. అవతలి కొస మాత్రం బూడిద రంగులో తెల్లబారి ఉంది. తడి కాంక్రీటు నల్లగా, ఆరుతున్న కాంక్రీటు తెల్లగా కనిపిస్తుంది, చీకట్లో కూడా ఆ తేడా తెలిసిపోతుంది. "చెయ్యి పెట్టి చూడు సారూ" అన్నాడు. అరచేయి ఆనించాను. వెచ్చగా ఉంది, తడి లేదు. చెయ్యి తీస్తే వేళ్లకు సన్నని తెల్లటి పొడి అంటింది.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. వాననీళ్లు పోవాలని పైకప్పుకు ఒక పక్కకు వాలు ఇచ్చాం. 30 అడుగుల పొడవులో 3 అంగుళాల తేడా. ఒక్కో మడి పొడవు 15 అడుగులు, అంటే ఆ మడిలోనే ఒక కొసకూ ఇంకో కొసకూ ఒకటిన్నర అంగుళం తేడా ఉంది. పల్లపు కొసలో 2 అంగుళాల నీళ్లుంటే మెరక కొసలో అర అంగుళమే నిలుస్తుంది. దానికి తోడు పగలు నీళ్లు పెట్టేటప్పుడు పైపును ఈడ్చడంతో గట్లు రెండు చోట్ల తెగాయి. మండుటెండకు కొంత ఆవిరై, తెగిన గట్లలోంచి మిగతాది జారి, అంతా పల్లానికి చేరింది.

ఒక్క రాత్రి ఆరితే ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. కాంక్రీటు ఎండి గట్టిపడదు. సిమెంటు నీటితో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. లోపలి తేమ దాదాపు 80 శాతం కంటే పడిపోతే ఆ చర్య ఇంచుమించు ఆగిపోతుంది. ముందుగా ఆరేది పై పొర. తర్వాత నీళ్లు పోసినా ఆ పొరకు పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. అది గుల్లబారితే వాననీరు దిగుతుంది. స్లాబులో ఇనుము మీద ఉండే కాంక్రీటు కవరు సాధారణంగా 20 మిల్లీమీటర్లే. కప్పు కారడం, ఇనుము తుప్పు పట్టడం అక్కడి నుంచే మొదలవుతాయి.

ఆ సమయానికి కరెంటు లేదు, బోరు నడవదు. మూలలో చేరిన నీళ్లే మాకు దిక్కు. ఆయన ముందు కిందికి దిగి ఎర్రమట్టి తెచ్చి, చపాతీ పిండిలా పిసికి తెగిన గట్లు పూడ్చాడు. తర్వాత మెరక వైపు ఉన్న మళ్లను అడ్డంగా మరో రెండు గట్లతో చిన్నవి చేశాడు. మడి ఎంత చిన్నదైతే వాలు వల్ల వచ్చే తేడా అంత తగ్గుతుంది. ఖాళీ సిమెంటు సంచులు నీళ్లు పీల్చవు కాబట్టి వాటిని పక్కనబెట్టి, గోనె సంచులే ఏరి తెల్లబారిన చోట పరిచాడు. ఆపైన ఇద్దరం పల్లంలోంచి బకెట్లతో నీళ్లు తోడి, ఎత్తు నుంచి గుమ్మరించకుండా సంచుల మీద మెల్లగా పోశాం.

మా స్లాబు వెయ్యి చదరపు అడుగులు. అంతటా అంగుళం లోతు నిలవాలంటే 2,300 లీటర్ల పైనే కావాలి. మా దగ్గర అందులో సగం కూడా లేవు. కానీ తెల్లారే దాకా కావలసింది లోతు కాదు, తడి. గోనె ఆరకుండా ఉంటే చాలు. ఐదున్నరకు కరెంటు వచ్చింది, మళ్లన్నీ నింపాం.

అన్నీ దక్కాయని చెప్పలేను. మెరక కొసలో రెండడుగుల మేర వెంట్రుకంత సన్నని గీతలు మిగిలాయి. మా ఇంజినీరు చూసి, అవి పైపైనే ఉన్నాయని, పైకప్పు మీద వాటర్‌ప్రూఫింగ్ చేసేటప్పుడు సరిపోతుందని చెప్పాడు. ఇంకో పగలు అలాగే ఎండకు వదిలి ఉంటే మెరక సగమంతా ఆ గీతలే ఉండేవి.

మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. ఎండ, వేడి గాలి ఉంటే 10 రోజులు. బస్తా మీద పిపిసి అని రాసి ఉంటే అందులో బూడిద కలిసి ఉంటుంది, అది బలం పుంజుకోవడం నెమ్మది. దానికి 14 రోజులు మంచిది. మేం 14 రోజులూ పెట్టాం. ఆ రోజుల్లో రాత్రి రెండు సార్లు పైకెక్కి చూసినందుకు వాచ్‌మన్‌కు విడిగా కూలి ఇచ్చాను.

మీరూ స్లాబు వేయించే ముందు మేస్త్రితో లెక్క మాట్లాడేటప్పుడే రాత్రి నీళ్లు ఎవరు చూస్తారో, వారికి ఎంత ఇవ్వాలో తేల్చుకోండి. పైకి వెళ్లినప్పుడు నీళ్లు మెరుస్తున్న మూలను చూసి దిగిపోకండి. దానికి ఎదురుగా ఉన్న మెరక కొసకు నడిచి, అక్కడ అరచేయి ఆనించి చూడండి.