ఎస్టిమేట్ ఎనభై వేలు, బిల్లు లక్షా పన్నెండు వేలు

పిత్తాశయం ఆపరేషన్‌కు 80,000 అన్నారు, డిశ్చార్జి రోజు బిల్లు 1,12,000 వచ్చిందనుకుందాం. అందులో మందులు, సామగ్రి అంతా కలిపి ఒకే పద్దుగా ఉంటే డబ్బు కట్టకముందే వివరమైన బిల్లు అడగండి. ప్రతి వస్తువూ తేదీ, సంఖ్య, ధరతో అందులో ఉండాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ ఈ హక్కు ఉంది.

దాన్ని ఎస్టిమేట్ కాగితం పక్కన పెట్టి చూస్తే తేడా 32,000 ఎక్కడిదో తెలుస్తుంది. షేరింగ్ రూము బదులు సింగిల్ రూము తీసుకున్నందుకు 14,000. చాలాచోట్ల రూము మారితే అద్దెతో పాటు సర్జన్ ఫీజు కూడా పెరుగుతుంది. ఇది ముందే చెప్పకపోవడం అన్యాయం. అదనంగా ఉన్న ఒక రోజుకు 8,000. దానికి కారణం డాక్టరే చెప్పాలి, కౌంటర్లో వాళ్లకు తెలియదు.

మిగిలిన 10,000 మందులది. వాడకుండా ఫార్మసీకి తిరిగిచ్చిన ఇంజెక్షన్ల సొమ్ము తగ్గించారా? రిటర్న్ స్లిప్పుతో సరిచూడండి. ఇక్కడ పొరపాటు జరగొచ్చు. అనుమానమున్న పద్దులు రాసిచ్చి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.