వాట్సాప్ స్టేటస్‌లో చీరల అమ్మకం: క్యాప్షన్ రాసే పద్ధతి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• స్టేటస్ క్యాప్షన్ మామూలు ప్రకటనకు ఏ విధంగా భిన్నమో వివరించగలుగుతారు.
• చీర వివరం, ధర, ఆర్డరు పద్ధతి స్పష్టంగా ఉండేలా క్యాప్షన్ రాయగలుగుతారు.
• క్యాప్షన్‌లోని లోపం వల్ల వచ్చే నష్టాన్ని గుర్తించి, సవరించగలుగుతారు.

1. పరిచయం

ఇంటి నుంచి చీరలు అమ్మే మహిళ దగ్గర సాధారణంగా ఒక్కో రంగులో ఒక్కో చీరే ఉంటుంది. పది పన్నెండు చీరలు తెస్తుంది, ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడుతుంది. చూసేవారు ఎక్కువగా బంధువులు, ఇరుగుపొరుగువారు, పిల్లల బడి దగ్గర పరిచయమైనవారు. దుకాణంలో అయితే కొనేవారు చీరను చేత్తో పట్టుకొని చూస్తారు, అడగవలసినవి అక్కడే అడుగుతారు. స్టేటస్‌లో ఆ పని ఫోటో కింద రాసిన నాలుగైదు వాక్యాలే చేయాలి. ఆ వాక్యాలనే క్యాప్షన్ అంటున్నాం.

ఈ పాఠంలో మనం గమనించవలసిన ముఖ్య విషయం ఒకటే. చూసినవారు ఇచ్చే జవాబు ఏ చీర గురించో, ఎంత ధరకో, ఏ షరతు మీదో అమ్మేవారికి వెంటనే తెలిసేలా క్యాప్షన్ ఉండాలి. ఆకర్షణ ఆ తరువాతి సంగతి.

2. స్టేటస్ స్వభావం

క్యాప్షన్ రాసే ముందు అది కనిపించే చోటు ఎలాంటిదో తెలుసుకోవాలి. ఇందులో మూడు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది, స్టేటస్ 24 గంటలే ఉంటుంది. ఉదయం చూసి "సాయంత్రం మా వారిని అడిగి చెబుతాను" అనుకున్నవారు మర్నాడు వెతికితే అది కనబడదు. అప్పుడు వారు ఫోను చేసి "నిన్న పెట్టావే, ఆ ఆకుపచ్చది ఉందా?" అని అడుగుతారు. ఆ రోజు మూడు ఆకుపచ్చ చీరలు పెట్టి ఉంటే, వారు అడిగేది ఏదో తేల్చడానికే పది నిమిషాలు పడుతుంది.

రెండవది, చూసినవారి జవాబు మీకు మాత్రమే వస్తుంది. ఒకరు అడిగిన సంగతి మరొకరికి తెలియదు. కనుక ఒకే చీరను ఒకే సమయంలో ఇద్దరు ముగ్గురు తమదే అనుకోవచ్చు.

మూడవది, ఫోటో కొద్ది సెకన్లే తెరపై నిలిచి తరువాతి దానికి జరిగిపోతుంది. క్యాప్షన్ పొడవుగా ఉంటే మొదటి భాగమే కనిపిస్తుంది, మిగిలినది నొక్కి తెరవాలి. అందువల్ల ధర చివరి వాక్యంలో ఉంటే చాలామంది చూడకుండానే దాటిపోతారు.

ఇంకొక చిన్న విషయం. మామూలు అమరికలో స్టేటస్ కనబడాలంటే మీ నంబరు వారి ఫోనులోనూ, వారి నంబరు మీ ఫోనులోనూ సేవ్ అయి ఉండాలి. కొత్తగా పరిచయమైనవారికి "నా నంబరు సేవ్ చేసుకోండి" అని చెప్పకపోతే ఎంత మంచి క్యాప్షన్ అయినా వారికి చేరదు.

3. క్యాప్షన్‌లో ఉండవలసినవి

3.1 సంఖ్య

ప్రతి చీరకు ఒక సంఖ్య ఇవ్వండి. దానిని క్యాప్షన్‌లో మొట్టమొదట రాయండి. చీర కవరు మీద కూడా అదే సంఖ్య రాసిన చీటీ అంటించండి. ప్రతిసారీ 1 నుంచి మొదలుపెట్టవద్దు. పోయిన వారం 3, ఈ వారం 3 అని రెండు చీరలుంటే సంఖ్య ఇచ్చిన ప్రయోజనమే పోతుంది. పోయిన విడత 40తో ముగిస్తే ఈ విడత 41తో మొదలుకావాలి. స్టేటస్ తొలగిపోయిన తరువాత కూడా "41 ఉందా?" అంటే ఏ చీరో మీకు తెలుస్తుంది.

3.2 చీర వివరం

చీర ఏ రకం, ఏ రంగు, అంచు ఎలాంటిది, బ్లౌజ్ ముక్క ఉందా లేదా అన్నవి చెప్పాలి. "సూపర్ క్వాలిటీ", "లేటెస్ట్ కలెక్షన్" వంటి మాటలు చీర గురించి ఏమీ చెప్పవు. "మంగళగిరి కాటన్, చేనేత" అన్న మూడు మాటలు చాలా చెబుతాయి.

రంగు విషయంలో తెలుగులో వాడుకలో ఉన్న పేర్లు బాగా ఉపయోగపడతాయి. వంకాయ రంగు, చిలకాకుపచ్చ, ఉల్లిపొర రంగు, నెమలికంఠం రంగు అంటే చూసేవారికి ఒక స్పష్టమైన ఊహ కలుగుతుంది. ఫోను కెమెరా రంగును కొంత మారుస్తుంది. ముఖ్యంగా పడుగు ఒక రంగు, పేక మరొక రంగు ఉన్న చీర ఫోటోలో ఒకే రంగుగా కనిపించవచ్చు. అలాంటప్పుడు "కదిపితే నీలం, ఆకుపచ్చ రెండూ కనిపిస్తాయి" అని రాయండి. ట్యూబులైటు కింద కాక పగటి వెలుతురులో, నీడపట్టున ఫోటో తీయండి.

"చేనేత", "పట్టు" అన్న మాటలు నిజమైతేనే వాడాలి. మరమగ్గం చీరను చేనేత అని, పట్టులా మెరిసే కృత్రిమ దారం చీరను పట్టు అని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. ఇంటి నుంచి అమ్ముతున్నామన్నది మినహాయింపు కాదు. మీకు సరుకు ఇచ్చినవారు ఖచ్చితంగా చెప్పలేకపోతే ఆ మాట వదిలివేసి, చూడగానే తెలిసే వివరాలే రాయండి.

3.3 ధర

"ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే ఇరవై మంది అడుగుతారు, ఇరవై మందికీ విడివిడిగా చెప్పాలి. అడగడానికి మొహమాటపడేవారు, ముఖ్యంగా బంధువులు, అసలు అడగరు. ఒకరికి ఒక ధర, మరొకరికి వేరే ధర చెబుతున్నారన్న అనుమానమూ కలుగుతుంది. అందుకే ధర క్యాప్షన్‌లోనే ఉండాలి.

ధరతోపాటు కొరియర్ ఖర్చు ఎవరిదో కూడా చెప్పాలి. ఒక లెక్క చూడండి. ఒక విక్రేత 12 చీరలను ఒక్కొక్కటి రూ. 1,150 చొప్పున తెచ్చారనుకుందాం. రానుపోను ఖర్చు రూ. 360, అంటే చీరకు రూ. 30. కవరు, ప్యాకింగు రూ. 20. మొత్తం చీరకు రూ. 1,200 పడింది. రూ. 1,450కి అమ్మితే రూ. 250 మిగులుతుంది. కొరియర్ రూ. 80 అయితే, ఆ సంగతి రాయనందువల్ల "కొరియర్ కలిపే కదా?" అని కొన్నవారు అడిగినప్పుడు కాదనలేక ఒప్పుకుంటే మిగిలేది రూ. 170. అలాగని అందరికీ రూ. 1,530 అని రాస్తే, పక్క వీధి నుంచి వచ్చి తీసుకెళ్లేవారు అనవసరంగా రూ. 80 ఎక్కువ ఇవ్వాలి. కనుక "రూ. 1,450 + కొరియర్ రూ. 80" అని విడిగా రాయడమే ఇద్దరికీ న్యాయం.

రంగు సరిగా చెప్పనందువల్ల చీర వెనక్కి వస్తే నష్టం ఇంకా ఎక్కువ. తిరిగి రావడానికి రూ. 80, మారు చీర పంపడానికి రూ. 80 మీరే భరిస్తే, రూ. 250లో రూ. 90 మాత్రమే మిగులుతుంది. చీర వివరంలో మనం చూపిన శ్రద్ధ విలువ ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది.

3.4 ఆర్డరు పద్ధతి

కొనేవారు చేయవలసిన మొదటి పని ఒక్కటే చెప్పండి: సంఖ్యతో రిప్లై ఇవ్వడం. యూపీఐ నంబరును క్యాప్షన్‌లో పెట్టవద్దు. పెడితే కొందరు అడగకుండానే డబ్బు పంపుతారు. అప్పటికే ఆ చీర మరొకరికి వెళ్లిపోయి ఉంటే డబ్బు తిప్పి పంపాలి, నచ్చజెప్పుకోవాలి. "ఉందని నేను చెప్పాకే డబ్బు పంపండి" అన్న వాక్యం ఈ ఇబ్బందిని తప్పిస్తుంది.

4. ఒక ఉదాహరణ

ముందు లోపమున్న క్యాప్షన్ చూడండి.

న్యూ స్టాక్ వచ్చేసింది! సూపర్ క్వాలిటీ చీరలు. తక్కువ ధర. లిమిటెడ్ పీసులు, త్వరపడండి! వివరాలకు మెసేజ్ చేయండి.

ఇందులో 14 మాటలున్నా, చూసేవారికి కలిగే ఒక్క సందేహమూ తీరలేదు. ఏ చీర? ఎంత? బ్లౌజ్ ఉందా? ఎలా తీసుకోవాలి? ఈ నాలుగు ప్రశ్నలూ మెసేజ్‌లుగా తిరిగి మీ దగ్గరికే వస్తాయి.

దీనినే ఇలా మార్చవచ్చు.

41. మంగళగిరి కాటన్, చేనేత – రూ. 1,450 + కొరియర్ రూ. 80
వంకాయ రంగు, బంగారు జరీ అంచు. బ్లౌజ్ ముక్క ఉంది. ఒక్కటే పీసు.
కావాలంటే 41 అని రిప్లై ఇవ్వండి. ఉందని నేను చెప్పాకే డబ్బు పంపండి.

మొదటి వరుసలోనే సంఖ్య, రకం, ధర వచ్చాయి. మిగిలిన భాగం తెరవకపోయినా ముఖ్య విషయం చేరుతుంది. "త్వరపడండి" అన్న తొందర లేదు. "ఒక్కటే పీసు" అన్న నిజమే ఆ పని చేస్తుంది.

ఇప్పుడు ఉదయం 10.05కి ఒకరు, 10.20కి మరొకరు "41" అని పంపారనుకుందాం. వాట్సాప్‌లో ప్రతి మెసేజ్‌కూ సమయం ఉంటుంది కనుక ముందు అడిగినవారెవరో స్పష్టం. మొదటివారికి మీ జవాబు:

"41 ఉందండీ, మీ పేరున పక్కన పెట్టాను. మధ్యాహ్నం 1 గంట లోపు రూ. 1,530 పంపి, పిన్‌కోడ్‌తో అడ్రస్ పెట్టండి. రేపు కొరియర్ చేస్తాను."

రెండవవారికి:

"అక్కా, 41ని ముందే ఒకరు అడిగారు. 1 గంట వరకు చూసి, వాళ్లు తీసుకోకపోతే మీకే చెబుతాను."

గడువు చెప్పడం వల్ల చీర రోజంతా ఎవరికీ కాకుండా ఆగిపోదు. రెండవవారికీ చిన్నబుచ్చినట్లు ఉండదు. డబ్బు పంపామంటూ వచ్చిన స్క్రీన్‌షాట్‌ను మాత్రం ఆధారంగా తీసుకోవద్దు. దానిని మార్చి పంపే అవకాశం ఉంది. మీ ఖాతాలో జమ అయిందో లేదో చూసిన తరువాతే చీర పంపండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం ఉండదు. పిన్ నొక్కమని ఎవరైనా అడిగితే అది మోసమని గ్రహించండి.

డబ్బు జమ కాగానే 41 స్టేటస్‌ను తొలగించండి. అమ్ముడైన చీర ఇంకా కనిపిస్తుంటే మిగిలిన రోజంతా "లేదండీ" అని చెబుతూ ఉండాలి. అలా రెండు మూడుసార్లు విన్నవారు మీ తరువాతి స్టేటస్‌ను నమ్మి అడగరు.

5. సారాంశం

స్టేటస్ 24 గంటలే ఉంటుంది, జవాబులు విడివిడిగా వస్తాయి, ఫోటో త్వరగా జరిగిపోతుంది. ఈ మూడింటిని బట్టి క్యాప్షన్ రూపం నిర్ణయమవుతుంది. సంఖ్య, రకం, ధర మొదటి వరుసలో ఉండాలి. రంగు, అంచు, బ్లౌజ్, ఎన్ని పీసులు అన్నవి తరువాత రావాలి. చివర ఆర్డరు పద్ధతి ఒక్క పనిగా చెప్పాలి. నిజం కాని వివరం ఒక్కటి ఉన్నా, ఆ చీర మీద వచ్చే లాభం తిరుగు కొరియర్‌కే పోవచ్చు.

6. మీ అవగాహనను సరిచూసుకోండి

1. చీరలకు ప్రతి విడతలోనూ 1 నుంచి సంఖ్యలు ఇస్తే వచ్చే ఇబ్బంది ఏమిటి?
2. క్యాప్షన్‌లో యూపీఐ నంబరు ఎందుకు పెట్టకూడదు?
3. ఒక చీర రూ. 820కి పడింది. మీకు రూ. 180 మిగలాలి. కొరియర్ రూ. 70. ఈ చీర నారాయణపేట కాటన్, ఉల్లిపొర రంగు, బ్లౌజ్ ముక్క లేదు, రెండు పీసులు ఉన్నాయి. సంఖ్య 58. క్యాప్షన్ రాయండి.

మూడవ ప్రశ్నకు సూచన: ధర "రూ. 1,000 + కొరియర్ రూ. 70" అని రావాలి. బ్లౌజ్ ముక్క లేదన్న సంగతి దాచకుండా రాశారో లేదో చూసుకోండి. చీర చేనేత అని ప్రశ్నలో చెప్పలేదు కనుక ఆ మాట మీ జవాబులో ఉండకూడదు.