స్కెచ్ ఎందుకు మొండికేస్తుంది?

పొడవు 80 మిల్లీమీటర్లు, వెడల్పు 50 మిల్లీమీటర్లు ఉన్న లోహపు పలక, దాని నడుమ 10 మిల్లీమీటర్ల రంధ్రం. కంప్యూటర్‌లో త్రీడీ మోడలింగ్ నేర్చుకునేవారు తొలి రోజుల్లో గీసే బొమ్మల్లో ఇదొకటి. దీర్ఘచతురస్రం గీసి, అన్ని వైపులా కొలతలు రాస్తుంటే సగం పని కాకముందే సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెబుతుంది. రాసిన కొలతలన్నీ సరైనవే. అయినా ఎందుకు ఒప్పుకోదో చాలామందికి ఆ రోజు అర్థం కాదు.

ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో ఇదే పలకను గీస్తూ చూద్దాం. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను పారామెట్రిక్ అంటారు. ఇక్కడ కొలత అంటే బొమ్మ పక్కన రాసిన సమాచారం కాదు, బొమ్మ పాటించి తీరాల్సిన ఆజ్ఞ. 80ని 100గా మారిస్తే గీతే సాగుతుంది. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే, గీతల మధ్య ఇలాంటి షరతులు పెట్టి కంప్యూటర్ చేత పాటింపజేసే ఆలోచన కనిపిస్తుంది. ఈ షరతునే కన్‌స్ట్రెయింట్ అంటారు. అన్ని షరతులకూ కుదిరే ఆకారాన్ని లెక్కగట్టేది సాల్వర్.

కాగితం మీది డ్రాయింగ్ చదివేది మనిషి. అదే కొలత రెండు చోట్ల కనిపించినా అతడు ఒకటిగానే తీసుకుంటాడు. సాల్వర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు సమీకరణాలు.

దీర్ఘచతురస్రం అసలు ఎన్ని విధాలుగా కదలగలదో లెక్కపెడితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఒక గీతకు రెండు కొసలు. ఒక్కో కొస అడ్డంగానూ జరగగలదు, నిలువుగానూ జరగగలదు. అంటే గీతకు నాలుగు స్వేచ్ఛలు, నాలుగు గీతలకు 16. ఫ్రీక్యాడ్‌లో దీర్ఘచతురస్రం పనిముట్టు మనం అడగకుండానే నాలుగు మూలల్లో కొసలను కలిపేస్తుంది. ఒక్కో మూల దగ్గర రెండేసి చొప్పున ఎనిమిది స్వేచ్ఛలు పోతాయి. రెండు గీతలు అడ్డంగా, రెండు నిలువుగా ఉండాలన్న షరతులు కూడా అదే పెడుతుంది, ఇంకో నాలుగు పోతాయి. మిగిలినవి నాలుగే: పొడవు, వెడల్పు, కాగితం మీద ఎడమ కుడి స్థానం, కింద పై స్థానం. సాల్వర్ సందేశాల చోట Under-constrained అన్న మాటతో పాటు 4 DoF అని కనిపించేది ఇదే.

మనం ఒక్క షరతూ పెట్టకముందే పన్నెండు స్వేచ్ఛలు తీరిపోయాయి. గీతల పక్కన చిన్న గుర్తులుగా మాత్రమే కనిపించే ఆ షరతులను కొత్తవాళ్లు పట్టించుకోరు. మూల 90 డిగ్రీలు ఉండాలి కదా అని రెండు గీతలకు లంబ షరతు పెడతారు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఉన్నప్పుడు లంబం వాటంతటవే వచ్చేసింది, కాబట్టి ఆ షరతు అదనమే. చేత్తో గీసిన గీత దాదాపు అడ్డంగా ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని పూర్తి అడ్డగీతగా మార్చి షరతు తగిలిస్తుంది. దానికి తర్వాత 5 డిగ్రీల వాలు ఇవ్వబోతే కుదరదు. అప్పుడు తీసేయాల్సింది వాలు కోణాన్ని కాదు, అడగకుండా వచ్చిన అడ్డగీత షరతును.

ఇక మన పలకకు వద్దాం. పై అంచుకు 80, ఎడమ అంచుకు 50 ఇచ్చాం. సందేశంలో ఇంకా 2 DoF ఉంది. ఏదో తక్కువైందని అర్థమవుతుంది. కొలత లేనిది ఏమిటని వెతికితే కింది అంచు, కుడి అంచు కనిపిస్తాయి. కింది అంచుకు 80 ఇవ్వగానే Redundant constraints అన్న సందేశం వస్తుంది. నిజంగా తక్కువైంది పలక స్థానం. అంటే ఈ స్కెచ్‌లో పొడవుకు షరతు రెండుసార్లు పడింది, స్థానానికి ఒక్కటీ పడలేదు. ఒకే స్కెచ్ ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఒకేసారి ఉండగలదన్నది ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం. మిగిలిన స్వేచ్ఛల సంఖ్య ఎన్ని తక్కువో చెబుతుంది, ఎక్కడ తక్కువో చెప్పదు. ఎక్కడో చెప్పేవి రంగులు.

ఫ్రీక్యాడ్ మామూలు రంగుల అమరికలో ఇంకా కదలగల గీత తెల్లగా ఉంటుంది. ఒక గీత మాత్రం పూర్తిగా స్థిరపడి స్కెచ్‌లో మిగతావి కదులుతుంటే ఆ గీత లేత ఆకుపచ్చకు మారుతుంది. అంతా స్థిరపడితే మొత్తం స్కెచ్ కాంతివంతమైన పచ్చ రంగులో మెరుస్తుంది, Fully constrained అన్న సందేశం వస్తుంది. షరతులు చెడితే గీతలు నారింజ రంగుకు మారతాయి. కొత్తవాళ్లను అనవసరంగా భయపెట్టేది ఎరుపు. ఈ సాఫ్ట్‌వేర్‌లో కొలతలు, షరతుల గుర్తులు మామూలుగానే ఎర్రగా ఉంటాయి, అది తప్పుకు సూచన కాదు. తప్పు ఉందా లేదా అన్నది గీతల రంగులోనూ, సందేశంలోనూ చూడాలి.

కింది అంచు మీది 80 తీసేసి, ఎడమ కింది మూలను మూలబిందువుతో కలిపితే నాలుగు అంచులూ ఒక్కసారిగా పచ్చబడతాయి. ఇప్పుడు వృత్తం గీస్తే అది మాత్రమే తెల్లగా ఉంటుంది. దానికి ఉన్న స్వేచ్ఛలు మూడు: కేంద్రం అడ్డంగా, నిలువుగా, వ్యాసం. ఏది కదులుతుందో సందేహమైతే తెల్లటి దాన్ని మౌస్‌తో పట్టి లాగి చూడాలి. ఏ దిశలో జరిగితే ఆ దిశలో షరతు లేదు. కొత్త కొలత వేసే ముందు ఇలా లాగి చూసే అలవాటు కన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

వ్యాసం 10 ఇచ్చి, ఎడమ అంచు నుంచి 40, కింది అంచు నుంచి 25 ఇస్తే స్కెచ్ పూర్తవుతుంది. కుడి వైపు నుంచి కూడా 40 రాయాలనిపిస్తుంది. లెక్క సరిపోతుంది కూడా, 40, 40 కలిపితే 80. అయినా సాల్వర్ దాన్ని అదనమని తిరస్కరిస్తుంది, ఆ పట్టుదలకు కారణం ఉంది. రేపు పొడవును 100 చేస్తే ఎడమ 40, కుడి 40 రెండూ నిజం కాలేవు. అప్పుడది అదనం కాదు, వైరుధ్యం. ఫ్రీక్యాడ్ ఆ రెంటినీ వేరు చేసి చెబుతుంది. ఒకే మాట రెండుసార్లు అయితే Redundant, ఒకదానికొకటి విరుద్ధమైతే Over-constrained. రెండు సందర్భాల్లోనూ చిక్కులో ఉన్న షరతుల సంఖ్యలను చూపిస్తుంది. ఆ జాబితాలో ఏది తీసేయాలో మాత్రం అది చెప్పలేదు. చివర పెట్టిందే తప్పు అని కూడా లేదు.

అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే, పలక సాగితే రంధ్రం ఏం చేయాలి? ఎడమ అంచుకు 40 దూరంలోనే ఉండాలంటే కుడి 40ని తీసేయాలి. ఎప్పుడూ నడిమధ్యనే ఉండాలంటే 40, 25 రెండూ తీసేసి, ఎదురెదురు మూలల మధ్య కేంద్రానికి సిమెట్రీ షరతు పెట్టాలి. ఆ ఒక్క షరతూ రెండు స్వేచ్ఛలను తీరుస్తుంది, పొడవు 100 అయినా రంధ్రం నడుమనే ఉంటుంది. కుడి వైపు దూరం కంటికి కనిపిస్తే చాలనుకుంటే ఆ కొలతను రిఫరెన్స్‌గా మార్చవచ్చు. అప్పుడది నీలం రంగులోకి మారి, ఆజ్ఞ ఇవ్వడం మాని విలువను చూపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ మారితే రంగుల అర్థమూ మారుతుంది. సాలిడ్‌వర్క్స్‌లో, ఆన్‌షేప్‌లో కదిలే గీత నీలం, స్థిరపడింది నలుపు. ఫ్యూజన్‌లోనూ నీలం నుంచి నలుపుకే మారుతుంది, కానీ అక్కడ ఆకుపచ్చ అంటే ఫిక్స్ ఆజ్ఞతో ఉన్నచోటే బిగించేసిన గీత. ఫ్రీక్యాడ్ నుంచి వచ్చినవారు దాన్ని చూసి పని పూర్తయిందనుకునే ప్రమాదం ఉంది. నిజానికి దానికి కొలతే ఇచ్చి ఉండకపోవచ్చు. ఆ ఫిక్స్ తీసేస్తే గీత మళ్లీ నీలానికి వచ్చి, దానికి ఇంకా ఏ షరతులు కావాలో కనిపిస్తుంది.